చేతికొచ్చిన గ్రాము ధర: విదేశాల నుంచి డబ్బు పంపి చెన్నైలో అమ్మకు గాజులు కొనించేవాళ్ళకు

మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వచ్చే నెల వాళ్ళ అమ్మ పుట్టినరోజుకి ఒక జత గాజులు కొనివ్వాలని వాడి కోరిక. మా చెల్లెలిది నెల్లూరు. నేను చెన్నైలో వెస్ట్ మాంబళంలో ఉంటాను, టి.నగర్ ఉస్మాన్ రోడ్డు నడిచి వెళ్ళేంత దూరం. ఆ రోడ్డు మీదే ఒక నగల షాపులో పంతొమ్మిదేళ్ళు బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్నాను. అందుకని వాడు నాకు ఫోన్ చేసి, "పెద్దమ్మా, మూడు వెబ్‌సైట్లలో మూడు రేట్లు కనిపిస్తున్నాయి, ఏది నమ్మాలి? హైదరాబాదులో తక్కువా, చెన్నైలో తక్కువా? వచ్చే దారిలో దుబాయ్‌లో కొనేస్తే పోదా?" అని ఒక్క గుక్కలో అడిగేశాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాడిలాంటి వాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరున్నారు.

నాన్నా, ముందు బరువు సంగతి తేల్చుకుందాం. నువ్వు "మూడు" అన్నావు. మీ అమ్మ లెక్కలో మూడంటే మూడు కాసులు, కాసుకి 8 గ్రాములు, మొత్తం 24 గ్రాములు. చెన్నైలో ఆ కాసునే పవున్ అంటారు, సవరన్ అని కూడా అంటారు. మీ మామగారిది వరంగల్ కదా, ఆయన లెక్కలో మూడంటే మూడు తులాలు. ఇప్పటి వాడుకలో తులం 10 గ్రాములు, కాబట్టి 30 గ్రాములవుతుంది. ఒకే మాటలో 6 గ్రాముల తేడా ఉంది. అందుకే షాపుకి మెసేజ్ పెట్టేటప్పుడు కాసు, తులం, పవున్ అనకుండా గ్రాముల్లోనే అడుగు. మనం కొనేది 24 గ్రాముల సాదా గాజుల జత, 22 క్యారెట్.

ఇక రేటు. నువ్వు అమెరికా సైట్లలో చూసేది ఔన్సు ధర, అదీ డాలర్లలో, 24 క్యారెట్‌కి. బంగారం ఔన్సంటే 31.1 గ్రాములు. ఔన్సు 3,110 డాలర్లు అనుకుంటే గ్రాము 100 డాలర్లు. మన గాజులు 22 క్యారెట్ కాబట్టి అందులో 91.6 శాతమే బంగారం, అంటే గ్రాముకి 91.60 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి, పైన మన దేశపు దిగుమతి సుంకం కలిపితే చెన్నై బోర్డు మీద కనిపించే అంకె దగ్గరికి వస్తావు. సైట్లో ఉన్న ధరకీ షాపులో ధరకీ ఇంత తేడా ఏమిటని నువ్వు కంగారుపడటానికి కారణం ఇదే. ఇందులో మోసమేమీ లేదు, రెండు వేరు వేరు వస్తువుల ధరలు పక్కపక్కన పెట్టి చూస్తున్నావు.

చెన్నైలో పొద్దున నగల వర్తకుల సంఘం రేటు చెబుతుంది. చాలా రోజుల్లో మధ్యాహ్నమో సాయంత్రమో మళ్ళీ మారుతుంది. ఉస్మాన్ రోడ్డులో పెద్ద షాపులన్నిటిలో బోర్డు మీద దాదాపు అదే అంకె ఉంటుంది. హైదరాబాదుకీ చెన్నైకీ మధ్య తేడా ఉన్నా అది గ్రాముకి పదుల్లోనే ఉంటుంది. గ్రాముకి 20 రూపాయలు తేడా ఉందనుకో, 24 గ్రాములకి 480 రూపాయలు. ఆ 480 కోసం ఊళ్ళు పోల్చుకుంటూ కూర్చుంటే అసలు డబ్బు పోయే చోటు కంటికి కనిపించదు.

ఆ చోటు పేరు తరుగు. చెన్నై షాపుల్లో సేదారం అంటారు, కొన్ని బిల్లుల మీద వి.ఏ. అని రాస్తారు. పూర్వం కంసాలి బంగారాన్ని కరిగించి, ఆకురాయి పట్టి, మెరుగు పెట్టేటప్పుడు రవ్వలు రవ్వలుగా కొంత పోయేది. ఆ నష్టాన్ని కొనేవాళ్ళ మీద వేసేవారు, అదే తరుగు. ఇప్పుడు సాదా గాజులు మిషన్ మీద తయారవుతాయి, రాలిన పొడి మళ్ళీ కరిగించి వాడుకుంటారు. అయినా తరుగు అనే పేరు అలాగే నిలిచిపోయింది. ఈ రోజు ఆ వరుసలో ఉండేది ఎక్కువగా షాపు ఖర్చూ లాభమూ. పని ఎక్కువున్న నగకి తరుగు నిజంగానే ఎక్కువ ఉండాలి. చేత్తో చెక్కిన నకాషీ పనికీ సాదా గాజుకీ ఒకే శాతం అడిగితే అది న్యాయం కాదు. నేను కౌంటర్‌లో ఉన్నన్నాళ్ళూ సాదా గాజులు 6 నుంచి 12 శాతం మధ్య, నకాషీ, టెంపుల్ నగలు 18 దాటి పోవడం చూశాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. అంకెలు తేలిగ్గా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. నువ్వు కొనే రోజు రేటు వేరేగా ఉంటుంది, లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే.

మొదటి షాపులో తరుగు 8 శాతం. బంగారం విలువ 2,40,000. దాని మీద 8 శాతం అంటే 19,200. రెండూ కలిపితే 2,59,200. దాని మీద 3 శాతం జీఎస్టీ 7,776. మొత్తం 2,66,976. రెండో షాపు వాకిట్లో "గ్రాముకి 200 రూపాయలు తగ్గింపు" అని పెద్ద బ్యానర్ ఉంది. లోపల తరుగు 14 శాతం. బంగారం 2,40,000, తరుగు 33,600, కలిపితే 2,73,600. బ్యానర్ ప్రకారం 24 గ్రాములకి 4,800 తగ్గిస్తారు, 2,68,800 అవుతుంది. జీఎస్టీ 8,064 కలిపితే 2,76,864. తగ్గింపు ఇచ్చిన షాపులోనే 9,888 రూపాయలు ఎక్కువ కట్టాం. ఒక్క శాతం తరుగంటే ఈ గాజులకి 2,400 రూపాయలు. ఇందాక ఊళ్ళ తేడా 480 అనుకున్నాం కదా, దాని పక్కన పెట్టి చూడు.

అందుకని నేను మా బంధువులందరికీ చెప్పేది ఒకే ఒక్క అంకె అడగమని. జీఎస్టీతో సహా ఫైనల్ బిల్లుని నికర బంగారం గ్రాములతో భాగించు. మొదటి షాపులో 11,124. రెండో షాపులో 11,536. దీన్నే నేను చేతికొచ్చిన గ్రాము ధర అంటాను. బోర్డు మీది రేటు ఎంతైనా, పేరు తరుగైనా మజూరీ అయినా, ఆఫర్ ఏదైనా, అన్నీ చివరికి ఈ అంకెలోకి వచ్చి పడతాయి. ఎందుకంటే పేర్లతో కూడా తిప్పుతారు. కొన్ని షాపులు "మా దగ్గర సేదారం 6 శాతమే" అంటాయి, పక్కన సెయ్‌కూలి అని మరో వరుస ఉంటుంది. అరవంలో మజూరీకి అదే మాట. గ్రాముకి 300 చొప్పున వేస్తే 24 గ్రాములకి 7,200, అంటే ఇంకో 3 శాతం. ఆరు కాస్తా తొమ్మిదైంది. ఇంకో చోట తరుగుని శాతంగా చెప్పకుండా బిల్లులో "1.920 గ్రా." అని బరువుగా రాస్తారు. అది 24 గ్రాములకి 8 శాతమే, కానీ చూడగానే తెలియదు. అలా బరువుగా రాసి ఉంటే దాన్ని నికర బరువుతో భాగించి నూరుతో గుణించుకో.

బేరం ఆడాల్సిందీ ఈ వరుసలోనే. రేటు సంఘం చెప్పింది, జీఎస్టీ ప్రభుత్వం చెప్పింది, ఆ రెండిట్లో సేల్స్‌మన్ చేయగలిగింది ఏమీ లేదు. తరుగులో మాత్రం ఉంది. మేనేజర్‌ని పిలిచి "పక్క షాపులో 24 గ్రాములకి ఇంత ఫైనల్ చెప్పారు" అని అంకె చూపిస్తే ఒకటి రెండు శాతం దిగి రావడం నేను రోజూ చూసిన విషయమే.

నికర బరువు అన్నాను కదా, దాని గురించి ఒక మాట. మీ అమ్మ రాళ్ళ గాజుల వైపు చూపు వేస్తుంది, నాకు తెలుసు. రాళ్ళున్న నగకి ట్యాగ్ మీద మూడు బరువులు ఉండాలి: గ్రాస్ వెయిట్, రాళ్ళ బరువు, నెట్ వెయిట్. 24 గ్రాముల గాజుల్లో 2 గ్రాములు రాళ్ళయితే బంగారం 22 గ్రాములే. రేటూ తరుగూ ఆ 22 మీదే పడాలి, రాళ్ళ ధర వేరే వరుసలో రావాలి. షాపులో పని చేయడానికి ముందు నేనే ఇందులో దెబ్బ తిన్నాను. నా పెళ్ళైన కొత్తలో ఒక షాపులో కెంపుల నెక్లెస్ కొన్నాం. బిల్లు మీద 40 గ్రాములని ఒకే ఒక్క బరువు రాశారు. పదేళ్ళ తర్వాత మార్చుకోవడానికి తీసుకెళ్తే రాళ్ళూ, వెనక నింపిన లక్కా తీసేశారు, తూకంలో 33 గ్రాములు వచ్చింది. ఏడు గ్రాముల రాయికీ లక్కకీ బంగారం ధర కట్టామని ఆ రోజు తెలిసింది. బిల్లులో నెట్ వెయిట్ లేదు కాబట్టి అడగడానికి చేతిలో ఆధారం కూడా లేదు. నీకు సాదా గాజులే చెబుతున్నది అందుకే. దూరంలో ఉండి కొనించేవాడికి సాదా నగ ఒక్కటే లెక్క కుదిరే నగ.

సరే, దుబాయ్ సంగతి. ఇది కొట్టిపారేసే ఆలోచన కాదు. బంగారం మీద దిగుమతి సుంకాన్ని 2024 జూలై బడ్జెట్‌లో 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. అప్పటిదాకా దుబాయ్‌లో కొనడంలో పెద్ద లాభం ఉండేది, 6 దగ్గర అది బాగా తగ్గింది. సుంకం మళ్ళీ మారితే ఈ లెక్క కూడా మారుతుంది. 6 శాతంతోనే వేద్దాం. మన 10,000 రేటులోంచి సుంకం తీసేస్తే గ్రాము 9,434 అవుతుంది. 24 గ్రాములకి 2,26,416. అక్కడా మజూరీ 8 శాతమే అనుకో, 2,44,529. అక్కడి వ్యాట్ 5 శాతం కలిపితే సుమారు 2,56,750. చేతికొచ్చిన గ్రాము ధర 10,700 దగ్గర. మా మొదటి షాపు కంటే పది వేలు తక్కువ. ఎయిర్‌పోర్టులో టూరిస్టులకిచ్చే వ్యాట్ వాపసు తీసుకుంటే ఇంకొంత మిగులుతుంది. కాగితం మీద దుబాయే గెలిచింది, అది ఒప్పుకోవాలి.

కానీ నీ విషయంలో వద్దంటాను, కారణాలు చెబుతాను. ఏడాది పైన విదేశంలో ఉన్నవాళ్ళు సుంకం లేకుండా నగలు తెచ్చుకునే హద్దు మగవాళ్ళకి 20 గ్రాములు, ఆడవాళ్ళకి 40 గ్రాములు. నువ్వొక్కడివే వస్తున్నావు, 24 గ్రాములు అప్పుడే హద్దు దాటింది. ఈ హద్దు నగలకే, బిస్కెట్లకీ నాణేలకీ కాదు. 2016 నాటి నిబంధనల్లో బరువుతో పాటు విలువకి కూడా పరిమితి ఉండేది, మగవాళ్ళకి 50,000, ఆడవాళ్ళకి లక్ష. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి ఎవరో చెప్పింది పట్టుకోకుండా బయలుదేరే వారం కస్టమ్స్ వాళ్ళ సైట్‌లోనే చదువుకోవాలి. రెండోది, గాజుల కొలత. మీ అమ్మ చేతికి రెండు-ఆరు పడుతుందా, రెండు-ఎనిమిదా అని నన్నడిగితే నేనే తడుముకుంటాను, ఈ మధ్య కీళ్ళు వాచి ఉన్నాయి. చెన్నైలో సరిపోకపోతే మర్నాడు మార్చుకోవచ్చు. దుబాయ్‌లో కొన్నది సరిపోకపోతే ఇక్కడ ఎవరికీ సంబంధం లేదు. మూడోది, అక్కడి నగ మీద మన హాల్‌మార్క్ ఉండదు. ఎప్పుడైనా ఇక్కడ మార్చుకోవాలంటే పరీక్ష పెట్టి, కొన్నిసార్లు కరిగించి, వచ్చిన స్వచ్ఛతకే విలువ కడతారు. అందులో ఒక శాతం తగ్గినా 2,400 పోయినట్టే. నీ భార్య కూడా వస్తూ, కొనేది గొలుసయ్యి, మీ అమ్మ దాన్ని ఎప్పటికీ మార్చదనుకుంటే మాత్రం దుబాయ్‌లో కొను, నేను అడ్డు చెప్పను.

నాణేల గురించి కూడా అడిగావు. చెన్నై షాపుల్లో 8 గ్రాముల 22 క్యారెట్ కాసు దొరుకుతుంది, దానికి తరుగు చాలా తక్కువ. 2 శాతం అనుకుంటే మూడు కాసులకి 2,40,000, 4,800, ఆ మొత్తం మీద జీఎస్టీ 7,344, కలిపి 2,52,144. గ్రాము 10,506. ఇప్పటిదాకా వేసిన అన్ని లెక్కల్లో ఇదే తక్కువ. అదే రోజు అదే రేటుకి తిరిగి ఇచ్చేశామనుకో, నాణేల మీద నష్టం 12,144, మొదటి షాపు గాజుల మీద 26,976, రెండో షాపు గాజుల మీద 36,864. డబ్బుని బంగారంగా దాచుకోవాలంటే నాణెం మంచిది. కానీ నాణెం కొని తర్వాత గాజులు చేయిద్దాం అనుకుంటే రెండుసార్లు కట్టినట్టు. నాణేనికి కట్టిన తరుగూ జీఎస్టీ పోగా, గాజులకి మళ్ళీ తరుగు, మళ్ళీ జీఎస్టీ. మీ అమ్మ తొడుక్కోవాలని నీ ఉద్దేశం కాబట్టి నేరుగా గాజులే కొను. బ్యాంకులో నాణెం కొంటే ఇంకో చిక్కు, బ్యాంకులు అమ్ముతాయి కానీ తిరిగి కొనవు. ఇక 24 క్యారెట్ నాణేన్ని నగల షాపుకి ఇచ్చి 22 క్యారెట్ నగ తీసుకునేటప్పుడు ఏ రేటుకి లెక్క కడతారో ముందే అడగాలి. 22 క్యారెట్ 10,000 అయితే 24 క్యారెట్ సుమారు 10,909 ఉండాలి. నాణేనికి 22 రేటే కడితే గ్రాముకి 900 వదులుకున్నట్టు.

నగల షాపుల్లో నెలనెలా డబ్బు కట్టే పదకొండు నెలల చీటీ పథకాలు నీకిప్పుడు పనికి రావు, నెల రోజులే ఉంది. మీ చెల్లి పెళ్ళికైతే ఆలోచించవచ్చు. వాటిలో అసలు లాభం చివర్లో తరుగు తీసేయడమే. ఎంత శాతం దాకా తీసేస్తారు, ఏ నగలకి వర్తించదు అన్నది కార్డు వెనక సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అది బ్యాంకు డిపాజిట్ కాదు, షాపు మూతపడితే డిపాజిట్ బీమా ఏదీ ఆ డబ్బుకి వర్తించదు. కాబట్టి ఒకే షాపులో పెద్ద మొత్తం కట్టకూడదు.

ఇక నువ్వు చేయాల్సిన పని. నువ్వు ఫోన్‌లో రేటు పడిందని చూసి, అప్పుడు డబ్బు పంపుదామనుకుంటున్నావు. అలా కుదరదు. డబ్బు చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, ఈలోగా రేటు మారుతుంది. బిల్లు వేసిన నిమిషంలో ఉన్న రేటే లెక్క. ముందు డబ్బు అమ్మ ఖాతాకి పంపు. కొడుకు తల్లికిచ్చిన కానుక మీద ఇక్కడ ఆమెకి పన్ను లేదు. పంపేటప్పుడు కుటుంబానికి అని కారణం రాయి, ఆ రసీదు దాచుకో. తర్వాత అమ్మ తన డెబిట్ కార్డుతోనో బ్యాంకు నుంచి నేరుగానో షాపుకి కడుతుంది, బిల్లు ఆమె పేరు మీదే వస్తుంది. రెండు లక్షలు దాటిన బిల్లుకి పాన్ అడుగుతారు, ఆమె పాన్ కార్డు తెచ్చుకోమని చెప్పు. నీ అమెరికా కార్డుతో ఫోన్‌లో కడతానంటావేమో, మారకంలో రెండు మూడు శాతం పోవచ్చు, తరుగులో బేరమాడి తగ్గించిందంతా అక్కడ పోతుంది. షాపు మిషన్ మీద "డాలర్లలో కడతారా, రూపాయల్లోనా" అని వస్తే ఎప్పుడూ రూపాయలే ఎంచుకోవాలి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా షాపు తీసుకోకూడదు, కాబట్టి ఎవరి దగ్గరో అప్పుగా నోట్లు తీసుకుని కట్టే ఏర్పాటు కూడా పెట్టుకోకు.

రేటు పెరుగుతుందని భయముంటే బుకింగ్ అడగవచ్చు. కొంత మొత్తం ముందు కడితే ఆ రోజు రేటు ఖాయం చేస్తారు. కొనే రోజు రేటు తగ్గితే తగ్గిన రేటే ఇస్తారా అన్నది ఒక్కటే అడగాల్సిన ప్రశ్న, జవాబు రసీదు మీద రాయించుకోవాలి. నోటి మాటగా అన్నది బిల్లింగ్ కౌంటర్ దాకా రాదు. ఆ కౌంటర్‌లో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మాకు కాగితం మీద ఉన్నదే కనిపించేది.

ఒకే రోజు చెన్నై టైములో పొద్దున పదకొండు గంటలకి మూడు షాపులకి ఇదే మెసేజ్ పెట్టు: "సాదా గాజుల జత, నెట్ 24 గ్రాములు, 22 క్యారెట్. ఈ రోజు జీఎస్టీతో సహా ఫైనల్ బిల్లు ఎంత? మీ దగ్గరే మార్చుకుంటే ఎంత శాతం విలువ ఇస్తారు? డబ్బుగా తీసుకుంటే ఎంత తగ్గిస్తారు?" ఒకరిని పొద్దున, ఇంకొకరిని సాయంత్రం అడిగితే ఆ పోలిక చెల్లదు, మధ్యలో రేటు మారి ఉంటుంది. ఫైనల్ చెప్పకుండా "రండి చూసుకుందాం" అనే షాపుని లెక్కలోంచి తీసేయి. మిగతా రెండిట్లో చేతికొచ్చిన గ్రాము ధర తక్కువ ఉన్నదాన్ని ఎంచుకో. తేడా నూరు రూపాయల లోపే ఉంటే మార్పిడికి ఎక్కువ విలువ ఇచ్చే షాపే మంచిది.

షాపుకి నేనూ మీ అమ్మా వెళ్తాం. ఆమె పాత గాజు ఒకటి కొలతకి తీసుకొస్తుంది. నువ్వు వీడియో కాల్‌లో ఉండు, కానీ డిజైన్లు చూడటానికి కాదు, మూడు చోట్ల చూడటానికి. మొదట తూకం. గాజులు పెట్టకముందు మిషన్ మీద సున్నాలు ఉన్నాయో లేదో చూడు, తర్వాత ట్యాగ్ తీసేసిన గాజుల బరువు చూడు. రెండోది హాల్‌మార్క్. గాజు లోపలి వైపు భూతద్దం పెట్టి చూపించమంటాను. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, 22K916 అన్న అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు, ఈ మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరు అక్షరాల నంబరు లేకుండా షాపులు హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. జతలో ప్రతి గాజుకీ వేరే నంబరు ఉంటుంది. నీ ఫోన్‌లో `BIS Care` అనే యాప్ దింపుకుని, `Verify HUID` దగ్గర నేను చదివిన నంబరు కొట్టు. షాపు రిజిస్ట్రేషన్, హాల్‌మార్క్ వేసిన కేంద్రం, స్వచ్ఛత, అది ఏ రకం నగ అన్నది వస్తాయి. నా చేతిలో గాజు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ గాజు అక్కడే పెట్టేసి వచ్చేస్తాం. నంబరు నిజమైనదే కావచ్చు, కానీ అది వేరే నగది.

మూడోది బిల్లు. అందులో ఒక్కో గాజు పేరు, నెట్ వెయిట్, క్యారెట్, ఆ రోజు రేటు, తరుగు, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. హాల్‌మార్క్ ఖర్చు కూడా వేరుగా కనిపించాలి, అది నగకి పదుల రూపాయల్లోనే ఉంటుంది. నేను పైన వేసిన లెక్కల్లో దాన్ని కలపలేదు, జతకి నూరు రూపాయల లోపో కాస్త పైనో పడుతుంది, అంతే. అంతకు మించి వందలు వేస్తే ప్రశ్నిస్తాను. ఈ వివరాలున్న బిల్లు ఉంటేనే, రేపు స్వచ్ఛత తక్కువని తేలితే బీఐఎస్ నిబంధనల ప్రకారం తగ్గిన బంగారం విలువకి రెండింతలూ, పరీక్ష ఖర్చూ అడిగే హక్కు ఉంటుంది. "బిల్లు వద్దంటే జీఎస్టీ మిగులుతుంది" అని ఎవరైనా అంటే, మిగిలే 7,776 కోసం ఆ హక్కు వదులుకున్నట్టే.

డబ్బు బుధవారానికి అమ్మ ఖాతాలో పడేలా పంపు. గురువారం పొద్దున నువ్వు పెట్టే మెసేజ్‌లకి జవాబులు నాకు పంపు, నేను భాగించి చెబుతాను. శుక్రవారం మీ అమ్మ నెల్లూరులో పొద్దున రైలెక్కి పదిన్నరకల్లా మా ఇంటికి వచ్చేస్తుంది. మేం షాపులో కూర్చునేసరికి మీ దగ్గర అర్ధరాత్రి దాటుతుంది, అలారం పెట్టుకో.